ఒక బాణీ, నాలుగు వాద్యాలు: పాప్ పాటను స్ట్రింగ్ క్వార్టెట్‌కు పంచే విధానం

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. యూరప్ శాస్త్రీయ సంగీతంలో పద్దెనిమిదో శతాబ్దంలో స్థిరపడిన ఈ బృందానికి కండక్టర్ ఉండడు. నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయిస్తారు. పాప్ పాటను ఈ బృందానికి రాయాలంటే పాటలోని మూడు పనులను నలుగురికి పంచాలి. వినేవాడి చెవి పట్టుకుని వెంట వెళ్లే బాణీ మొదటిది. దాని కింద నిండుదనం ఇచ్చే నడిమి స్వరాలు రెండోది. అన్నిటికీ అడుగున నడిచే బేస్ మూడోది. మామూలుగా మొదటి వయోలిన్‌కు బాణీ, రెండో వయోలిన్‌కూ వయోలాకూ నడిమి స్వరాలు, చెల్లోకు బేస్ వస్తాయి. ఈ పంపకం నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు. పాట మొదటి నుంచి చివరి దాకా అదే పంపకం సాగితే మాత్రం రెండో చరణం వచ్చేసరికి శ్రోతకు ఆసక్తి పోతుంది. ఎవరి చేతిలోది ఎప్పుడు ఎవరికి మార్చాలో తెలియడమే ఇందులో అసలు నేర్పు.

పాప్ సంగీతంలో క్వార్టెట్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది బీటిల్స్ 1965లో రికార్డు చేసిన ‘యెస్టర్‌డే’. పాల్ మాకార్ట్‌నీ గిటార్ మీటుతూ పాడిన ఆ పాటకు నిర్మాత జార్జ్ మార్టిన్ క్వార్టెట్‌ను జోడించాడు. తీగ వాద్యాలు తియ్యగా కారిపోతాయేమోనని మాకార్ట్‌నీకి భయం. అందుకే స్వరాన్ని ఎక్కువగా ఊపకుండా, నిటారుగా వాయించమని అడిగాడు. చెల్లో వరుసలో ఒకచోట మన కైశికి నిషాదం లాంటి స్వరం వచ్చి పాటకు బ్లూస్ రంగు అద్దుతుంది. చివరి చరణంలో వయోలిన్ పైస్థాయిలో ఒకే స్వరాన్ని పట్టుకుని నిలుస్తుంది. ఈ రెండూ చిన్న పనులే. అయినా నలుగురిలో ఒక్కొక్కరికీ చెప్పడానికి సొంత మాట ఉందని అవి చూపిస్తాయి. అక్కడ బాణీ మోసింది మనిషి గొంతు కాబట్టి, క్వార్టెట్‌కు దాని చుట్టూ తిరిగే స్వేచ్ఛ దొరికింది. గొంతు లేకుండా నాలుగు వాద్యాలే పాటంతా మోయడం అంతకంటే కష్టం. విటమిన్ స్ట్రింగ్ క్వార్టెట్ లాంటి బృందాలు చేసేది ఆ పనే. 2020లో మొదలైన ‘బ్రిడ్జర్టన్’ సీరియల్‌లో నేటి పాప్ పాటలు పాతకాలపు నృత్యశాలల్లో వినిపించింది ఇలాంటి రచనల ద్వారానే.

పని రికార్డింగ్ వినడంతో మొదలవుతుంది. మొదట బాణీని వదిలేసి బేస్ గిటార్ ఒక్కదాన్నే వింటూ కాగితం మీద పెట్టుకోవాలి. బేస్ తెలిస్తే కార్డ్‌లు సగం తెలిసినట్టే. తర్వాత కార్డ్‌లు, ఆ తర్వాత బాణీ, చివర్లో పాటను గుర్తుపట్టించే చిన్న చిన్న తునకలు రాసుకోవాలి. గిటార్ మీద మోగే నాలుగు స్వరాల పలుకు, గాయని విరామంలో వచ్చే కీబోర్డు జవాబు లాంటివి శ్రోత మనసులో బాణీతో సమానంగా నాటుకుని ఉంటాయి. కార్డ్‌లన్నీ సరిగ్గా ఉన్నా ఆ తునక లేకపోతే ‘ఇది ఆ పాటేనా’ అన్న అనుమానం వస్తుంది. స్టూడియోలో పదేసి పొరలుగా పేర్చిన మిగతా శబ్దాలను మొహమాటం లేకుండా వదిలేయవచ్చు. నలుగురికి నాలుగు వరుసలు చాలు, అయిదోదానికి చోటు లేదు.

తర్వాత శ్రుతి ఎంచుకోవాలి. క్వార్టెట్‌లో వయోలిన్ తీగలను కింది నుంచి పైకి జి, డి, ఎ, ఇ అని శ్రుతి చేస్తారు. కర్ణాటక సంగీతంలో వాడే స-ప-స-ప పద్ధతి ఇక్కడ ఉండదు. వయోలా తీగలు సి, జి, డి, ఎ. చెల్లోవీ అవే, ఒక స్థాయి కింద. గాయకుల గొంతుకు సరిపోయిందని పాటను డి ఫ్లాట్‌లో పాడి ఉంటారు. వాద్యాలకు అదే శ్రుతిలో రాస్తే ఖాళీ తీగ దాదాపుగా దేనికీ పనికిరాదు, వేళ్లకు శ్రమ పెరుగుతుంది, నాదం మూగబోతుంది. అరస్వరం పైకి జరిపి డి మేజర్‌లో పెడితే డి, ఎ, జి ఖాళీ తీగలు తమంతట తామే ప్రతిధ్వనించి నలుగురి నాదం విచ్చుకుంటుంది. గాయకుడు లేడు కాబట్టి శ్రుతి మార్చడానికి అడ్డేమీ లేదు.

ఉదాహరణకు కొత్తగా అల్లిన ఒక చిన్న పల్లవిని తీసుకోవచ్చు. శ్రుతి డి మేజర్. డిని షడ్జంగా పెట్టుకుంటే స్వరాలన్నీ శంకరాభరణానివే. బార్‌కు నాలుగు బీట్లు, మొత్తం నాలుగు బార్‌లు. బాణీ ఇలా నడుస్తుంది: గ గ ప, గ రి, స స గ, రి స. మొదటి, మూడో బార్‌లలో మొదటి రెండు స్వరాలకు చెరొక బీటు, మూడో దానికి రెండు బీట్లు. రెండో, నాలుగో బార్‌లలో మొదటి స్వరానికి ఒక బీటు, మిగతా మూడు బీట్లూ చివరి స్వరానివే. కింద కార్డ్‌లు డి, ఎ, బి మైనర్, జి. వీటిని స్వరాల్లో చెబితే స-గ-ప, ప-ని-రి, ధ-స-గ, మ-ధ-స. పాప్ పాటల్లో ఈ నాలుగు కార్డ్‌ల వరుస ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు.

మొదట బేస్‌ను ఖాయం చేయాలి. చెల్లోకు ప్రతి కార్డ్ మూలస్వరాన్నీ ఇస్తే స, ప, ధ, మ వస్తాయి. మంద్ర షడ్జం నుంచి అనుమంద్ర పంచమానికి దిగి, ధైవతానికి ఒక మెట్టు ఎక్కి, మధ్యమానికి దిగుతుంది. వినడానికి ఇది కూడా ఒక చిన్న పాటలా ఉంటుంది. మంచి బేస్‌కు అదే గుర్తు. చెల్లో వరుసను ఒంటరిగా వాయిస్తే పాట ఎటు పోతోందో తెలియాలి.

ఇప్పుడు బాణీకీ బేస్‌కీ మధ్య ఉన్న ఖాళీని రెండో వయోలిన్, వయోలా నింపాలి. కార్డ్‌లో మూడు స్వరాలున్నాయి, వాద్యాలు నాలుగు. కాబట్టి ఒక స్వరం రెండుసార్లు వస్తుంది. అలా వచ్చేది సాధారణంగా మూలస్వరమైతే మేలు. కార్డ్‌కు రంగునిచ్చే నడిమి స్వరాన్ని, డి కార్డ్‌లోనైతే గాంధారాన్ని, ఒక్కరు పలికితే సరిపోతుంది. ఇద్దరు పలికితే అది అవసరానికి మించి మెరుస్తుంది. ఎవరూ పలకకపోతే కార్డ్ మేజరో మైనరో తెలియక డొల్లగా వినిపిస్తుంది. తొలిసారి రాసేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. మొదటి బార్‌లో బాణీ గాంధారం మీద ఉంది కాబట్టి రెండో వయోలిన్‌కు షడ్జం, వయోలాకు మంద్ర పంచమం ఇస్తారు. మొదటి రెండు బీట్లకూ అంతా బాగుంటుంది. మూడో బీటుకు బాణీ పంచమానికి ఎగరగానే నలుగురి దగ్గరా షడ్జం, పంచమం తప్ప ఇంకేమీ మిగలవు. గాంధారం బాణీతోపాటే వెళ్లిపోయింది. కార్డ్ పేర్లు చూసుకుంటూ బార్‌కు ఒక కార్డ్ చొప్పున నింపుకుంటూ పోయేవారికి ఈ లోటు కాగితం మీద కనిపించదు. బాణీ కదిలిన ప్రతిచోటా ఆగి, కింద ఏం మిగిలిందో చూసుకుంటేనే పట్టుబడుతుంది.

దీనికి మందు రెండో వయోలిన్ చేతిలో ఉంది. బాణీ పంచమం మీద నిలిచిన క్షణంలో అది షడ్జం నుంచి గాంధారానికి ఎక్కి, నాలుగో బీటులో రిషభం మీదుగా తర్వాతి బార్‌లోని నిషాదానికి దిగవచ్చు. మూడో బార్‌లోనూ అదే లోటు ఉంది. బాణీ షడ్జం వదిలి గాంధారానికి వెళ్లగానే బి మైనర్ కార్డ్‌లో షడ్జం మాయమవుతుంది. అక్కడ రెండో వయోలిన్ ధైవతం నుంచి షడ్జానికి ఎక్కి, నిషాదం తాకి, మళ్లీ ధైవతానికి దిగుతుంది. అప్పుడు నాలుగు వరుసలు ఇలా తయారవుతాయి. గీత ఉన్నచోట ముందు స్వరమే కొనసాగుతుంది.

మొదటి వయోలిన్: గ గ ప – | గ రి – – | స స గ – | రి స – –
రెండో వయోలిన్: స – గ రి | ని – – – | ధ – స ని | ధ – – –
వయోలా: ప – – – | ప – – – | గ – – – | మ – – –
చెల్లో: స – – – | ప – – – | ధ – – – | మ – – –

రెండో వయోలిన్ కదిలేది బాణీ నిలిచినప్పుడే, నిలిచేది బాణీ కదిలినప్పుడే. లోటు పూడ్చడానికి వేసిన స్వరాలే బాణీకి జవాబు చెప్పే ఒక చిన్న వరుస అయ్యాయి. నడిమి వాద్యాలకు రాయడంలో ఉన్న ఆనందం ఇదే. వయోలా కదలిక తక్కువ. పంచమాన్ని రెండు బార్‌లు పట్టుకుని, గాంధారానికి దిగి, ఒక మెట్టు ఎక్కి మధ్యమం చేరుతుంది. రెండు కార్డ్‌లకు ఉమ్మడిగా ఉన్న స్వరాన్ని ఎవరో ఒకరు కదలకుండా పట్టుకుంటే, మిగతావారు కార్డ్ మార్చినా అతుకు కనిపించదు.

వయోలా ఉన్న స్థాయిని కూడా గమనించాలి. అది చెల్లోకు దూరంగా, వయోలిన్లకు దగ్గరగా ఉంది. అడుగున స్వరాల మధ్య ఖాళీ ఎక్కువగా, పైకి వెళ్లేకొద్దీ తక్కువగా ఉంటే నాదం తేటగా వినిపిస్తుంది. వయోలాను కిందికి తోసి చెల్లో షడ్జానికి ఆనుకుని గాంధారం పెడితే, అందులోనూ చెల్లో లావుపాటి తీగల మీద ఉంటే, రెండూ కలిసి బురదలా వినిపిస్తాయి. కంప్యూటర్‌లో నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఆ జంటను శుభ్రంగానే వినిపిస్తుంది. నిజమైన వాద్యాల మీద వాయించిన రోజున తేడా తెలుస్తుంది.

ఈ బాణీకి అందం ఇచ్చేది రెండో, నాలుగో బార్‌ల మొదటి బీటు. నాలుగో బార్‌లో కార్డ్ మ-ధ-స. కానీ బాణీ రిషభంతో మొదలవుతుంది. రిషభం ఆ కార్డ్‌లో లేదు. ఒక బీటు పాటు ఒరుసుకుని, షడ్జంలోకి ఒదిగినప్పుడు చెవికి హాయి కలుగుతుంది. పాప్ గాయకులు ఆ ఒరిపిడి మీదే ఒక అక్షరాన్ని సాగదీసి పాడతారు. రాసేవారు కార్డ్ నిండాలన్న ఆత్రంతో రెండో వయోలిన్‌కు అదే స్థాయిలో షడ్జం ఇచ్చేస్తే, రిషభానికి పక్కనే షడ్జం ముందే మోగుతూ ఉంటుంది. అప్పుడు ఒరిపిడి రాపిడి అవుతుంది. బాణీ చేరబోయే చోట అప్పటికే ఒకరు కూర్చుని ఉంటారు, చేరిన సంగతి ఎవరికీ తెలియదు. పైన రాసిన వరుసల్లో నాలుగో బార్ మొదటి బీటుకు షడ్జం ఎవరి దగ్గరా లేదు. రెండో వయోలిన్‌ది ధైవతం, వయోలాకూ చెల్లోకూ మధ్యమం. షడ్జం తెచ్చేది బాణీయే. రెండో బార్‌లో రిషభం విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించారు.

ఇక లయ. పాప్ రికార్డింగ్‌లో డ్రమ్స్ మోసే బరువు క్వార్టెట్‌లో ఎవరి మీదా ప్రత్యేకంగా ఉండదు. అందరూ పొడుగు స్వరాలే పట్టుకుంటే ఎంత మంచి హార్మొనీ అయినా ప్రార్థనా గీతంలా నిద్రపుచ్చుతుంది. పైన రాసిన నాలుగు వరుసలను ఎముకల గూడు అనుకోవచ్చు. దానికి కదలిక వయోలా, చెల్లోల నుంచి రావాలి. చెల్లో తన స్వరాన్ని నాలుగు బీట్లూ సాగదీయకుండా మొదటి బీటు మీదా, రెండో బీటు దాటాక అరబీటు దగ్గరా, మళ్లీ మూడో బీటు మీదా పలికితే బేస్ డ్రమ్ అడుగు వినిపిస్తుంది. వయోలా అరబీట్ల మీద పొట్టి కమానుతో పంచమాన్ని తడితే రిథమ్ గిటార్ పని జరిగిపోతుంది. మొదటి చరణంలో చెల్లో కమాను వదిలి వేలితో మీటితే ఇంకా తేలికగా ఉంటుంది. కాకపోతే మీటడం నుంచి కమానుకు మారడానికి వాద్యకారుడికి కనీసం ఒకటి రెండు బీట్ల విరామం రాసి ఉంచాలి. ఆ విరామం మరిచిపోతే పల్లవి మొదటి స్వరానికి చెల్లో అందుకోలేదు. ఆ లోటు వినేవారందరికీ తెలుస్తుంది.

బాణీ లయలో ఇంకో చిక్కు ఉంది. పాప్ బాణీ మాటల మీద నడుస్తుంది. ఒకే స్వరం మీద అయిదారు అక్షరాలు పడినా, మాట మారుతూ ఉంటుంది కాబట్టి గొంతులో విసుగు పుట్టదు. మాట తీసేసి అదే స్వరాన్ని వయోలిన్ మీద ఆరుసార్లు కొడితే మోర్స్ కోడ్‌లా ఉంటుంది. ఇలాంటి చోట ముఖ్యమైన అక్షరాలను మాత్రం విడిగా పలికించి, మిగతావి ఒకే కమాను లాగుడులో కలిపేయవచ్చు. రెండోసారి అదే వాక్యం వచ్చినప్పుడు బాణీని ఇంకో వాద్యానికి అప్పగించడం మరో దారి. గాయకుడు బీటుకు కాస్త ముందో వెనకో పడే తీరును అక్షరాలా కాగితం మీదకు ఎక్కిస్తే పదహారో వంతు స్వరాలూ ముడిగీతలూ పేరుకుని చదవలేనంత జటిలమవుతుంది. అందరికీ తెలిసిన పెద్ద ఎదురుదెబ్బలను ఉంచి, గొంతు చేసే చిన్న జారుళ్లను వాద్యకారుడి అభిరుచికి వదిలేయడం మేలు.

రెండో చరణానికి బాణీ చేతులు మారాలి. చెల్లోకు ఇస్తే పాట గొంతే మారిపోతుంది. మధ్యస్థాయి షడ్జం నుంచి పంచమం దాకా ఉన్న ఈ బాణీ అంతా చెల్లో అన్నిటికంటే పై తీగ మీద పడుతుంది. మగగొంతు పైస్థాయిలో పాడుతున్నట్టు గుండెకు తగిలే చోటు అది. అయితే చెల్లో పైకి వెళ్లగానే కింద బేస్ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ బాధ్యత వయోలాకు పడుతుంది, దానికి ఒక హద్దు ఉంది. వయోలా అట్టడుగు తీగ సి, మంద్ర షడ్జానికి ఒక స్వరం కిందే. అనుమంద్ర పంచమమూ ధైవతమూ దానికి అందవు. చెల్లో వాయించిన స, ప, ధ, మ వరుసను ఉన్నదున్నట్టు వయోలాకు రాస్తే రెండో స్వరానికే ఆగిపోతుంది. అందుకని కార్డ్‌లోని వేరే స్వరాన్ని అడుగున పెట్టి, మంద్ర షడ్జం, దాని కింది నిషాదం, మళ్లీ షడ్జం, మంద్ర మధ్యమం అని నడిపించాలి. కార్డ్‌లు అవే, అడుగు స్వరాలు మారాయి. మొదటి మూడు బార్‌లలో బేస్ గెంతులు మానేసి మెట్టు దిగి ఎక్కినట్టు నడుస్తుంది. హద్దు వల్ల వచ్చిన ఈ మార్పు, మొదటి చరణానికి రాసినదానికంటే మృదువుగా ఉంటుంది. అనుభవం ఉన్నవారు కావాలనే ఇలా రాస్తారు.

ఆ చరణంలో వయోలిన్లు చెల్లోను తొక్కేయకుండా చూసుకోవాలి. రెండో వయోలిన్ మధ్యస్థాయిలో స గ, ప, ధ, ధ అని పొడుగు స్వరాలతో మెల్లగా పైకి ఎక్కుతుంది. బాణీ దిగుతుంటే ఇది ఎక్కుతుంది కాబట్టి రెండూ వేర్వేరుగా వినిపిస్తాయి. కార్డ్‌లలో లోటు కూడా రాదు. మొదటి వయోలిన్ తారస్థాయి పంచమాన్ని నాలుగు బార్‌లూ సన్నగా పట్టుకోవచ్చు. మొదటి రెండు కార్డ్‌లలో పంచమం ఉంది. తర్వాతి రెండింటిలో లేదు, కాబట్టి అక్కడ అది పరాయి స్వరంగా కొత్త రంగు ఇస్తుంది. ‘యెస్టర్‌డే’ చివరి చరణంలో వయోలిన్ చేసింది ఈ తరహా పనే. బాణీ చెల్లోలోనో వయోలాలోనో ఉన్నప్పుడు మిగతా ముగ్గురికి మెల్లగా అని గుర్తు రాస్తే చాలదు, వారి స్వరాల సంఖ్య కూడా తగ్గించాలి. నిలిచిన స్వరం గట్టిగా ఉన్నా చెవి దాన్ని వెనక్కి నెట్టగలదు. కదిలే స్వరం మెల్లగా ఉన్నా చెవి దాని వెంటే పోతుంది.

చివరి పల్లవికి నిండుదనం కావాలి, మనుషులు మాత్రం నలుగురే. అందరికీ తెలిసిన ఉపాయం మొదటి వయోలిన్‌ను ఒక స్థాయి పైకి లేపి, రెండో వయోలిన్‌కు అదే బాణీని పాత స్థాయిలో ఇవ్వడం. రెండు స్థాయిల్లో ఒకేసారి మోగే బాణీకి వచ్చే మెరుపు వేరు. కానీ ఇద్దరు బాణీకి వెళ్లిపోయారు, బేస్‌కు ఒకరు, నడిమి స్వరాలకు మిగిలింది వయోలా ఒక్కటే. అందుకే దానికి ఒకేసారి రెండు తీగల మీద రెండు స్వరాలు రాస్తారు. మొదటి బార్‌లో జి తీగ మీద ఒక వేలితో పంచమం, పక్కన డి ఖాళీ తీగ మీద షడ్జం. వాయించడం చాలా తేలిక, నాదం పెద్దది. మూడో బీటుకు షడ్జాన్ని గాంధారానికి మారిస్తే ఇంతకుముందు చెప్పిన లోటు ఇక్కడా పూడుతుంది.

రెండో బార్‌లో ఇదే పని కుదరదు. పంచమం, నిషాదం కలిపి రాయాలనిపిస్తుంది. చేయి మామూలు చోట ఉన్నప్పుడు ఆ రెండూ జి తీగ మీదే పడతాయి, ఒక తీగ రెండు స్వరాలు పలకదు. చేతిని పైకి జరిపి పంచమాన్ని సి తీగ మీద పట్టుకోవచ్చు. పెద్ద వాద్యకారులకు అది కష్టం కాదు, కానీ నేర్చుకుంటున్న విద్యార్థి బృందానికి అక్కడ శ్రుతి తప్పడం దాదాపు ఖాయం. నిషాదం ఒక్కదాన్నే వయోలాకు రాస్తే సరిపోతుంది. పంచమం చెల్లోలో ఉంది, రిషభాన్ని బాణీ తెస్తుంది. రెండు స్వరాల జంట రాసే ముందు అవి పక్కపక్క తీగల మీద పడుతున్నాయా లేదా అని ప్రతిసారీ చూసుకోవాలి. పియానో ముందు కూర్చుని రాసేవారు ఈ తప్పు తరచూ చేస్తారు, ఎందుకంటే పియానో మీద అన్ని జంటలూ అందుతాయి.

చివరి పల్లవికి ముందు ఒక చోటన్నా నలుగురిలో ఇద్దరు పూర్తిగా ఆగిపోవాలి. వయోలా బాణీ, చెల్లో మీటులు, అంతే. నాలుగు వరుసలూ మొదటి నుంచి మోగుతూనే ఉంటే చివరి పల్లవికి పెరగడానికి చోటుండదు. కొన్ని రికార్డింగులు శబ్దం తగ్గించుకుంటూ ముగుస్తాయి. వేదిక మీద అలా కుదరదు కాబట్టి ముగింపు కూడా రాయాలి. ఈ ఉదాహరణలో నాలుగో బార్ జి కార్డ్ మీద వేలాడుతోంది. దానికి ఒక బార్ కలిపి, చెల్లోకు అనుమంద్ర షడ్జం, వయోలాకు పంచమం, రెండో వయోలిన్‌కు గాంధారం, మొదటి వయోలిన్‌కు షడ్జం ఇచ్చి కమానులు నెమ్మదిగా లాగితే పాట ఇంటికి చేరుతుంది.

ప్రతి వాద్యానికీ విడి కాగితం తీయాలి. వయోలా చదివేది ఆల్టో క్లెఫ్, అంటే అయిదు గీతల్లో నడిమి గీత మీద మధ్య సి ఉండే పద్ధతి. వయోలిన్ గుర్తుతో రాసిచ్చిన కాగితం చూస్తే వయోలా వాద్యకారుడికి విసుగు పుడుతుంది. పేజీ తిప్పాల్సిన చోట విరామం ఉండాలి. చరణం, పల్లవి మొదలయ్యే చోట్ల పెద్ద అక్షరాలు వేసి, బార్‌లకు సంఖ్యలిస్తే రిహార్సల్‌లో ‘ఎక్కడి నుంచి’ అన్న వెతుకులాట ఉండదు. కమాను లాగుళ్లను గుర్తించే ముందు వాద్యకారులను ఒకసారి అడగడం మంచిది. పాట వేరేవారిదైతే అనుమతి కూడా కావాలి. భారత కాపీరైట్ చట్టం ఒక సంగీత రచనను వేరే వాద్యాలకు మలచడాన్నీ రచయిత హక్కుల్లోనే చేర్చింది.

మొదటి రిహార్సల్‌లో నలుగురినీ ఒకేసారి వాయించమనే ముందు జంటలుగా వినాలి. మొదటి వయోలిన్, చెల్లో మాత్రమే వాయించినప్పుడు పాట గుర్తుపట్టేలా ఉంటే గూడు సరిగ్గా ఉన్నట్టు. తర్వాత రెండో వయోలిన్, వయోలా మాత్రమే వాయించాలి. బాణీ లేకుండా ఆ రెండు నడిమి వరుసలు విన్నప్పుడు ఒకే స్వరం ఎనిమిది బార్‌ల పాటు మోగుతూ ఉంటే, ఏ వరుసా ఎక్కడికీ వెళ్లకపోతే, తిరిగి రాయాల్సింది ఆ చోటే. ఆ తర్వాత నలుగురూ కలిసి వాయిస్తుంటే హాలు వెనక కుర్చీలో కూర్చుని బాణీని వెంబడించాలి. అది చేతులు మారిన ప్రతిచోటా చెవికి తడుముకోకుండా దొరకాలి. దొరకని చోట బాణీ గుర్తు పెంచడం కంటే దాని మీద కదులుతున్న స్వరాలను కొట్టేయడం త్వరగా పనిచేస్తుంది.